చేంజ్ లాగ్‌తో వెండర్ బ్యాంక్ అకౌంట్ మార్పులను పరీక్షించడం ఎలా?

ప్రశ్న: సార్, నెల్లూరు దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీలో ఇంటర్నల్ ఆడిట్‌లో కొత్తగా చేరాను. మాది ఎస్‌ఏపీ, పాత ఈసీసీ వెర్షన్. వెండర్ మాస్టర్ మార్పుల మీద కంట్రోల్ టెస్ట్ చేయమన్నారు. ఐటీ వాళ్లను అడిగితే చేంజ్ లాగ్ ఎక్సెల్‌లో ఇచ్చారు, వేల లైన్లున్నాయి. పాత విలువ, కొత్త విలువ కాలమ్‌లు చాలాచోట్ల ఖాళీగా ఉన్నాయి. అందులోంచి 25 శాంపిల్ తీసి అప్రూవల్ ఫారం ఉందో లేదో చూస్తే చాలా?

సమాధానం:

చాలదు. 25కి బదులు 60 తీసినా చాలదు. ఫారం ఉందా, సంతకం ఉందా అని చూస్తే తెలిసేది ఆఫీసులో ఫారం నింపే అలవాటు ఉందా లేదా అన్నది మాత్రమే. బ్యాంక్ అకౌంట్ మార్చి డబ్బు మళ్లించే మనిషి ఏడాదికి ఒకటో రెండో మార్పులు చేస్తాడు. అవి మీ 25లో పడటం కష్టం, పడినా వాడు కాగితం పక్కాగానే పెట్టి ఉంటాడు, మీరు టిక్కు కొట్టి ముందుకు వెళ్లిపోతారు. లాగ్ అంటే సంవత్సరంలో జరిగిన మార్పులన్నీ మీ చేతిలో ఉన్నట్టు, అలాంటప్పుడు శాంపిల్ ఎందుకు? మొత్తం లాగ్ మీద ఒక ప్రశ్న వేయండి: అకౌంట్ మారింది, ఆ కొత్త అకౌంట్‌కు డబ్బు వెళ్లింది, తర్వాత అకౌంట్ మళ్లీ పాతదానికి వచ్చింది, ఇలా ఎక్కడైనా జరిగిందా? ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే మిగతా టెస్ట్ అంతా దాని చుట్టూ తిరుగుతుంది.

ఎందుకు అంటున్నానో ఒక కేసు చెప్తాను. చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ కంపెనీ, పేరు అనవసరం, వివరాలు కూడా కాస్త మార్చాను. బ్లాకులు పోర్టుకు తోలే లారీ ట్రాన్స్‌పోర్టర్ ఒకాయన పాత వెండర్. వారానికి రెండు పేమెంట్ రన్‌లు, మంగళవారం, శుక్రవారం. లాగ్‌నీ పేమెంట్ డేటానీ కలిపి చూస్తే ఆ వెండర్ మీద ఇలా వచ్చింది:

```
THU 18:52  APUSER07  XK02  LFBK KEY  E  ...4471
THU 18:52  APUSER07  XK02  LFBK KEY  I  ...9026
THU 18:58  FINMGR01  FK08
FRI 15:10  F110      ZBNKN           ...9026
SAT 09:05  APUSER07  XK02  LFBK KEY  E  ...9026
SAT 09:05  APUSER07  XK02  LFBK KEY  I  ...4471
SAT 09:11  FINMGR01  FK08
```

XK02 వెండర్ మాస్టర్‌ను మార్చే ట్రాన్సాక్షన్, FK08 ఆ మార్పును ఇంకొకరు కన్ఫర్మ్ చేసేది, F110 పేమెంట్ రన్. E అంటే తీసివేత, I అంటే చేర్పు. గురువారం సాయంత్రం అకౌంట్ మారింది, శుక్రవారం పేమెంట్ వెళ్లింది, శనివారం పొద్దున్నే పాత అకౌంట్ తిరిగి వచ్చేసింది. సోమవారం ఎవరైనా వెండర్ మాస్టర్ తెరిచి చూస్తే అంతా సక్రమంగా కనిపిస్తుంది. FK08లో కన్ఫర్మ్ కూడా అయింది, అంటే మార్చింది ఒక ఐడీ, ఒప్పుకున్నది వేరే ఐడీ. మేకర్-చెకర్ కంట్రోల్ కాగితం మీద పాస్.

మరి ట్రాన్స్‌పోర్టర్ నా డబ్బు ఏదని ఎందుకు అడగలేదు? ఎందుకంటే ఆయన డబ్బు అంతకు ముందు వారమే ఆయనకు చేరింది. శుక్రవారం వెళ్లినది అదే బిల్లుకు రెండో పేమెంట్. బిల్లు నంబర్‌లో ఒక గీత మార్చి, 0412/టీ అన్నదాన్ని 0412-టీ అని మళ్లీ బుక్ చేశారు. సిస్టమ్‌లో ఉండే డూప్లికేట్ చెక్ రిఫరెన్స్ నంబర్ అచ్చంగా ఒకటే అయితేనే ఆపుతుంది, గీత మారితే వదిలేస్తుంది. లారీ అద్దె బిల్లులు పర్చేజ్ ఆర్డర్ లేకుండా నేరుగా FB60లో బుక్ చేసేవాళ్లు కాబట్టి సరుకు అందిన రసీదుతో పోల్చి చూసే ఘట్టమే రాలేదు. ఇక ఏడాది చివర బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ పంపితే? అదీ సరిపోతుంది. దొంగ బిల్లు బుక్ అయింది, దానికి పేమెంట్ కూడా అయింది, లెడ్జర్‌లో నికర తేడా సున్నా. వెండర్ చెప్పే బ్యాలెన్స్, మన బ్యాలెన్స్ రెండూ ఒకటే. మాస్టర్, లెడ్జర్, కన్ఫర్మేషన్ లెటర్ మూడూ బాగున్నాయనే చెప్తాయి, చేంజ్ లాగ్ ఒక్కటే అడ్డం తిరుగుతుంది.

ఇప్పుడు మీ ఎక్సెల్ సంగతి. పాత విలువ, కొత్త విలువ ఖాళీగా ఉన్నాయంటే లాగ్ చెడిపోయిందని కాదు. ఎస్‌ఏపీలో మార్పు హెడర్ CDHDR టేబుల్‌లో పడుతుంది, ఎవరు, ఎప్పుడు, ఏ ట్రాన్సాక్షన్‌లో అన్నవి అక్కడ ఉంటాయి. ఏ ఫీల్డ్ మారింది అన్నది CDPOSలో పడుతుంది. వెండర్లకు ఆబ్జెక్ట్ క్లాస్ KRED. బ్యాంక్ వివరాలుండే LFBK టేబుల్‌లో అకౌంట్ నంబర్ మామూలు ఫీల్డ్ కాదు, అది కీలో భాగం. కీని దిద్దడం కుదరదు కనుక సిస్టమ్ పాత లైన్ తీసేసి కొత్త లైన్ పెడుతుంది. అందుకే లాగ్‌లో ఒక తీసివేత, D గానీ E గానీ, ఒక I కనిపిస్తాయి, ఫీల్డ్ పేరు చోట KEY అని ఉంటుంది. అకౌంట్ నంబర్ మాత్రం TABKEY అనే పొడవాటి అక్షరాల వరుసలో దాక్కుని ఉంటుంది. చాలామంది కొత్త విలువ కాలమ్‌లో ఖాళీ లేని లైన్లు ఫిల్టర్ చేసి, బ్యాంక్ మార్పులు ఏమీ లేవని రాసేస్తారు. అసలు చూడాల్సిన లైన్లన్నీ అలా ఫిల్టర్‌తోనే పోతాయి.

TABKEYలో మొదటి 3 అక్షరాలు క్లయింట్, తర్వాత 10 వెండర్ నంబర్, 3 దేశం, 15 బ్యాంక్ కీ, చివరి 18 అకౌంట్ నంబర్. A2లో TABKEY ఉందనుకుంటే వెండర్, బ్యాంక్ కీ, అకౌంట్ వరుసగా ఇలా విడిపోతాయి:

```
=TRIM(MID(A2,4,10))
=TRIM(MID(A2,17,15))
=TRIM(MID(A2,32,18))
```

ఫైలు మధ్యలో ఖాళీలు కుదించకుండా తీయించండి, లేకపోతే స్థానాలు జరిగిపోయి బ్యాంక్ కీ వచ్చి అకౌంట్‌లో కలుస్తుంది. ఇంకొకటి, ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. 16, 17 అంకెల అకౌంట్ నంబర్‌ను సంఖ్యగా తెరిస్తే చివరి అంకెలు సున్నాలైపోతాయి, అప్పుడు రెండు వేర్వేరు అకౌంట్లు ఒకటే అన్నట్టు కనిపిస్తాయి. అకౌంట్ కాలమ్‌లన్నీ టెక్స్ట్‌గానే దిగుమతి చేయండి.

దీనికన్నా ముందు చూడాల్సింది, ఐటీ వాళ్లు ఇచ్చిన ఫైలు పూర్తిగా ఉందా అన్నది. వాళ్లను అనుమానించమని కాదు, టేబుళ్లు తెరిచి చూసే SE16Nలో గరిష్ఠ లైన్ల సంఖ్య మామూలుగా 500 అని ఉంటుంది, దాన్ని మార్చడం మర్చిపోతే 500 దగ్గరే ఆగిపోతుంది, ఎవరూ గమనించరు. మీకు వేలల్లో వచ్చాయి కాబట్టి ఈ తప్పు జరగలేదు, కానీ ఇంకేదో గుండ్రటి సంఖ్య దగ్గర ఆగిందేమో చూడండి. మీరు వాళ్ల పక్కన కూర్చుని, ఏ తేదీలు ఇచ్చారు, ఏ ఫిల్టర్ పెట్టారు, స్క్రీన్ మీద ఎన్ని లైన్లు చూపింది అన్నవి ఫోటో తీసి పెట్టుకోండి.

అది సగమే. లాగ్‌కు ఎక్కకుండానే మార్పు జరిగి ఉంటే లాగ్ ఎంత పూర్తిగా తీసినా అది కనిపించదు కదా. దీనికి నేను వాడే ఉపాయం చాలా మొరటుది, కానీ బాగా పనిచేస్తుంది. పోయిన మార్చి 31 నాటి LFBK కాపీ ఏదైనా దొరుకుతుందేమో చూడండి, బ్యాకప్‌లోనో, పోయిన ఏడాది ఆడిట్ ఫోల్డర్‌లోనో. దాన్ని ఈరోజు LFBKతో పక్కపక్కన పెట్టండి. తేడా వచ్చిన ప్రతి వెండర్‌కూ లాగ్‌లో లైన్ ఉండి తీరాలి. తేడా ఉంది, లాగ్‌లో లేదు అంటే ఎవరో మామూలు దారిలో కాక వేరే దారిలో రాశారని అర్థం: నేరుగా డేటాబేస్‌లో, లేదా డీబగ్‌లో విలువ మార్చి, లేదా SE16N ఎడిట్‌లో. SE16N ఎడిట్ అయితే SE16N_CD_KEY, SE16N_CD_DATA టేబుళ్లలో జాడ దొరుకుతుంది, డీబగ్‌లో మార్పు చేస్తే SM21 సిస్టమ్ లాగ్‌లో కనిపిస్తుంది. డేటాబేస్ అడ్మిన్ పాస్‌వర్డ్‌తో నేరుగా రాస్తే మాత్రం ఎస్‌ఏపీ లాగ్‌లు ఏవీ పట్టలేవు, డేటాబేస్‌కే విడిగా ఆడిట్ లాగింగ్ పెట్టి ఉండాలి. ఈ పోలికలో మన గ్రానైట్ కేసు కనిపించదని గుర్తుంచుకోండి, అకౌంట్ తిరిగి పాతదానికే వచ్చింది కాబట్టి రెండు కాపీలూ ఒకటే. పోలిక లాగ్‌ను పరీక్షించడానికి, లాగ్ మోసాన్ని పరీక్షించడానికి. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

లాగ్ మీద నమ్మకం కుదిరాక పనికిరాని లైన్ల రొద తీసేయాలి, మన ప్రాంతంలో ఇదే పెద్ద పని. రొయ్యల కంపెనీ అంటే వెండర్లలో సగం మంది రైతులు, ఏజెంట్లు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, సింగరాయకొండ చుట్టుపక్కల వాళ్లు, వాళ్ల ఖాతాలు ఎక్కువ గ్రామీణ బ్యాంకుల్లో, పాత ఆంధ్రా బ్యాంక్, సిండికేట్ బ్యాంక్ బ్రాంచీల్లో. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంక్‌లో, సిండికేట్ కెనరాలో కలిశాయి, 2025 మే 1 నుంచి ఆంధ్రప్రగతి గ్రామీణ బ్యాంక్‌తో సహా రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్క ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంక్ అయ్యాయి. ఇలాంటి విలీనం తర్వాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారతాయి. మన దగ్గర ఎక్కువ కంపెనీలు బ్యాంక్ కీగా ఐఎఫ్‌ఎస్‌సీనే వాడతాయి, అది కూడా LFBK కీలో భాగమే, కాబట్టి కోడ్ మారిన ప్రతి రైతుకూ ఒక E, ఒక I. మీ వేల లైన్లలో చాలా భాగం ఇదే అయి ఉంటుంది.

వీటిని చేత్తో ఏరకండి. ఒకే వెండర్, ఒకే మార్పు నంబర్ కింద ఉన్న తీసివేతనూ చేర్పునూ జత కట్టి, అకౌంట్ నంబర్ ఒకటే ఉండి బ్యాంక్ కీ మాత్రం మారిన జతలను పక్కన పెట్టండి. అలాగని పూర్తిగా పారేయకండి. పాత కోడ్, కొత్త కోడ్ నిజంగా విలీనమైన బ్యాంకులవేనా అని ఒక చిన్న జాబితాతో సరిచూడండి, ఎందుకంటే వేరే బ్యాంక్‌లో అదే నంబర్‌తో అకౌంట్ ఉండటం అరుదే గానీ అసాధ్యం కాదు. ఈ మార్పులు మాస్ అప్‌లోడ్‌లో చేసి ఉంటే యూజర్ కాలమ్‌లో బ్యాచ్ ఐడీ ఒక్కటే కనిపిస్తుంది, అసలు ఫైలు తయారు చేసిన మనిషి ఎవరో లాగ్‌కు తెలియదు. ఆ అప్‌లోడ్ ఫైలు అడిగి తెప్పించుకుని, అందులో ఉన్న వెండర్లు, లాగ్‌లో మారిన వెండర్లు ఒకటేనా చూడండి. అప్‌లోడ్ గుంపులో ఇద్దరు ముగ్గురిని అదనంగా కలిపేస్తే ఎవరికీ కనిపించదు, అందుకే ఇది అడుగుతున్నాను.

మిగిలినవి నిజమైన అకౌంట్ మార్పులు. ఇప్పుడు పేమెంట్ డేటా. F110 రన్ అయిన ప్రతిసారీ REGUH టేబుల్‌లో ఏ వెండర్‌కు ఏ అకౌంట్‌లో ఎంత వేశారన్నది ఆ రోజు ఉన్నది ఉన్నట్టు నిలిచిపోతుంది, తర్వాత మాస్టర్ మార్చినా అది మారదు. అకౌంట్ ZBNKNలో, రన్ తేదీ LAUFDలో ఉంటాయి. XVORLలో X ఉన్న లైన్లు ప్రపోజల్ మాత్రమే, అవి తీసేయకపోతే పేమెంట్లు రెట్టింపు కనిపిస్తాయి. ప్రతి వెండర్‌కు ఏడాదంతా డబ్బు వెళ్లిన అకౌంట్ల జాబితా తీసి, ఈరోజు మాస్టర్‌లో లేని అకౌంట్‌కు వెళ్లిన పేమెంట్లు వేరు చేయండి. నిజంగా బ్యాంక్ మార్చుకున్న వెండర్ అయితే ఒక తేదీ దాకా పాతది, అక్కణ్నుంచి కొత్తది, మళ్లీ వెనక్కి రాదు. మధ్యలో ఒకటి రెండు పేమెంట్లు వేరే అకౌంట్‌కు వెళ్లి మళ్లీ పాతదానికి వచ్చాయంటే అది మీరు కూర్చుని చూడాల్సిన వెండర్. అదే జాబితాను ఉద్యోగుల జీతాల అకౌంట్లతో కూడా ఒకసారి కలిపి చూడండి, అయిదు నిమిషాల పని.

బ్యాంక్‌లో ఆగిపోతుంది కదా, పేరు కలవదు కదా అనుకోకండి. నెఫ్ట్‌లో, ఆర్‌టీజీఎస్‌లో జమ అకౌంట్ నంబర్‌ను బట్టే పడుతుంది. పంపే ముందు లబ్ధిదారు పేరు చూసుకునే సదుపాయం 2025 ఏప్రిల్ 1 కల్లా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పింది, కానీ పేరు చూసి ఆపాల్సింది పంపేవాళ్లే. పంపేవాడే తెలిసి పంపుతుంటే ఇక ఆపేదెవరు?

ఇప్పుడు చెకర్ సంగతి. గ్రానైట్ కేసులో కన్ఫర్మ్ చేసిన ఐడీ మేనేజర్‌ది. ఆ గురువారం సాయంత్రం ఆయన సెలవులో ఉన్నాడు, ఊళ్లో కూడా లేడు. ఇది లాగ్ చెప్పలేదు, హాజరు రిజిస్టర్ చెప్పింది. లాగ్‌కు తెలిసేది ఐడీ మాత్రమే, కుర్చీలో ఎవరున్నారో తెలియదు. సెక్యూరిటీ ఆడిట్ లాగ్, అంటే SM20, ఆన్‌లో ఉంది కాబట్టి టెర్మినల్ పేరు దొరికింది: మార్చిందీ కన్ఫర్మ్ చేసిందీ ఒకే కంప్యూటర్ నుంచి, మధ్యలో ఆరు నిమిషాలు. మేనేజర్ తన పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉన్నాడు, రన్ ఆగిపోకూడదని, మంచి ఉద్దేశంతోనే. మన ఆఫీసుల్లో ఇది ఎంత మామూలో మీకు చెప్పక్కర్లేదు. కాబట్టి మార్చిన ఐడీ, కన్ఫర్మ్ చేసిన ఐడీ వేరా అని చూసి ఆగకండి. రెండింటి మధ్య సమయం ఎంత, రెండూ ఏ టెర్మినల్ నుంచి, ఆ టైముకు ఆ మనిషి ఆఫీసులో ఉన్నాడా, ఈ మూడూ అన్ని నిజమైన మార్పులకూ చూడండి. ఆరు నిమిషాల్లో వెండర్‌కు ఫోన్ చేసి, క్యాన్సిల్డ్ చెక్కు చూసి కన్ఫర్మ్ చేయడం కుదిరే పనేనా అని కూడా అడగండి.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. మీ కంపెనీలో అకౌంట్ మారిస్తే వెండర్‌కు ఫోన్ చేసి నిర్ధారించుకునే పద్ధతి ఉంటే, ఏ నంబర్‌కు చేశారన్నది ముఖ్యం. తెలివైనవాడు ముందు ఫోన్ నంబర్ మారుస్తాడు, వారం పది రోజులాగి అకౌంట్ మారుస్తాడు. చిరునామా, ఫోన్ మార్పులు KRED కింద రావు, ADRESSE అనే వేరే ఆబ్జెక్ట్ క్లాస్ కింద పడతాయి, మీకు ఇచ్చిన ఫైలులో అవి ఉండకపోవచ్చు. విడిగా అడిగి తీసుకోండి. అకౌంట్ మార్పుకు ముందు నెలలోపు ఫోన్ గానీ ఈమెయిల్ గానీ మారిన వెండర్లు దొరికితే, కొత్త నంబర్‌కు కాదు, పాత బిల్లు మీద అచ్చయిన నంబర్‌కు మీరే ఫోన్ చేయండి.

FK08 కంట్రోల్ మొత్తం ఏడాది పనిచేసిందా అన్నది కూడా చూడాలి. ఏ ఫీల్డ్ మారితే కన్ఫర్మేషన్ కావాలో సెన్సిటివ్ ఫీల్డ్స్ జాబితా T055Fలో ఉంటుంది. అందులో బ్యాంక్ అకౌంట్ ఫీల్డ్ లేకపోతే కన్ఫర్మ్ లేకుండానే పేమెంట్ వెళ్లిపోతుంది. ఈరోజు ఉందని సరిపోదు, మధ్యలో రెండు రోజులు తీసేసి మళ్లీ పెట్టారేమో తెలియాలంటే సెట్టింగ్ టేబుళ్లలో మార్పులు చూపే SCU3 చూడాలి, rec/client పారామీటర్ ఆన్‌లో ఉంటేనే అందులో ఏమైనా ఉంటుంది. ఆఫ్‌లో ఉంటే అదే ఒక ఫైండింగ్‌గా రాయండి, కంట్రోల్ ఏడాది పొడవునా ఉందని చెప్పడానికి మీ దగ్గర ఆధారం లేదని.

చట్టం గురించి అడగలేదు గానీ మీ మేనేజర్ అడుగుతాడు. కంపెనీల అకౌంట్స్ రూల్స్‌లో రూల్ 3(1) ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రయల్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. అది ఏడాదంతా నడిచిందా, దాన్ని ఎవరైనా తారుమారు చేశారా అన్నది స్టాట్యుటరీ ఆడిటర్ కంపెనీల ఆడిట్ అండ్ ఆడిటర్స్ రూల్స్‌లోని రూల్ 11(జి) కింద రిపోర్ట్‌లో రాయాలి. ట్యాలీ వాడే చిన్న కంపెనీలకు కూడా ఇదే వర్తిస్తుంది, పార్ట్‌నర్‌షిప్ ఫర్ములకు కాదు. ఇక్కడ చాలామంది పొరబడేది ఏంటంటే, లాగ్ ఉందంటే కంట్రోల్ ఉందనుకోవడం. గ్రానైట్ కంపెనీలో లాగ్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు, 11(జి) కింద చూస్తే అంతా శుభ్రం, డబ్బు మాత్రం పోయింది. లాగ్‌ను రోజూ ఎవరైనా చూస్తేనే అది కంట్రోల్. కాబట్టి మీ రిపోర్ట్‌లో మామూలు మాటలు రాయకుండా ఒకటి అడగండి: ప్రతి పేమెంట్ రన్‌కు ముందు, గత రన్ తర్వాత అకౌంట్ మారిన వెండర్ల జాబితా, RFKABL00 రిపోర్ట్ నుంచి, అకౌంట్స్ పేయబుల్ టీమ్‌లో లేని ఒక మనిషికి వెళ్లాలి, ఆ మనిషి చూశాకే ప్రపోజల్ విడుదల కావాలి.

మీరు ఒకవేళ ఎస్‌/4హానాకు మారితే బ్యాంక్ వివరాలు BP ట్రాన్సాక్షన్‌లో మారుస్తారు, లాగ్ వేరే ఆబ్జెక్ట్ క్లాస్ కింద కూడా పడుతుంది, అప్పుడు పైన చెప్పిన KRED ఫిల్టర్ ఒక్కటే పెడితే దొరకాల్సినవి దొరకవు. ఒక టెస్ట్ వెండర్ మీద క్వాలిటీ సిస్టమ్‌లో అకౌంట్ మార్చి, ఎక్కడ పడిందో మీ కళ్లతో చూసుకుని ఫిల్టర్ పెట్టుకోండి. రొద తీసేశాక ఎన్ని నిజమైన మార్పులు మిగిలాయో ఇక్కడ రాయండి, యాభై అరవై లోపు ఉంటే అన్నీ చేత్తోనే చూసేయొచ్చు, ఎక్కువుంటే ఏ వరుసలో చూడాలో చెప్తాను.